బరాత్‌లో లేచే తృష్ణ: సిగరెట్ మానినవాళ్లు పెళ్లికి పోయే ముందు వేసుకోవాల్సిన లెక్క



ఈ పాఠం సిగరెట్టో బీడీయో ఇప్పటికే మానేసినవాళ్ల కోసం. మీరు మానేసి నాలుగు నెలలో, ఎనిమిది నెలలో అయింది. పొద్దున చాయ్ గ్లాసు పట్టుకుంటే చెయ్యి జేబులోకి పోవడం ఆగిపోయింది. పాన్ డబ్బా ముందు నుంచి నడిచిపోతున్నా పట్టించుకోవడం లేదు. "ఇగ అయిపోయింది, గెలిచినం" అనుకున్నారు. సరిగ్గా అప్పుడే ఇంట్లో పెళ్లి పడింది.

నా సంగతి చెప్తాను. పదిహేడేళ్లు తాగి మానేసిన మనిషిని నేను. మానిన ఏడో నెలలో మా చిన్నాయన కొడుకు పెళ్లి అయింది. పొద్దున వందన, త్రిశరణ పంచశీల, ప్రమాణాలు, భోజనాలు అన్నీ అయినాయి. అప్పటిదాకా సిగరెట్ అన్న ఆలోచనే రాలేదు. రాత్రి పదకొండు దాటాక బరాత్ మొదలైంది. మర్ఫా మోగుతోంది, తీన్మార్ ఎగురుతున్నాం, చెమటలు కారుతున్నాయి. ఆయాసం తీర్చుకుందామని పక్కకు వచ్చి నిలబడ్డా. అక్కడ మా బావ సిగరెట్ వెలిగించి, ఒక దమ్ము లాగి, నా వైపు చాపిండు. నేను "వద్దు" అనలేదు, "సరే" అనలేదు. చెయ్యి దానంతట అదే పోయింది. రెండు దమ్ములు లాగినంక గానీ ఏం చేస్తున్నానో నాకు తెలియలేదు.

ఆ రాత్రి నేను తప్పింది ధైర్యం లేక కాదు. ఆ నిమిషం కోసం ఇంటి దగ్గర ఏ ఏర్పాటూ చేసుకోకపోవడం వల్ల. ఈ పాఠం ఆ ఏర్పాటు గురించే.

ఏడు నెలల తర్వాత ఎందుకు లేచింది?

మనిషి సిగరెట్ మానేశాక ఒంట్లోని నికోటిన్ తొందరగానే పోతుంది. దాదాపు ప్రతి రెండు గంటలకు సగం తగ్గుతుంది, కాబట్టి మూడు రోజులకు మిగిలేది ఏమీ ఉండదు. చిరాకు, నిద్ర పట్టకపోవడం, మనసు నిలవకపోవడం లాంటి బాధలు మొదటి వారంలో గట్టిగా ఉండి, మూడు నాలుగు వారాల్లో చాలామందికి సద్దుమణుగుతాయి. అంటే ఏడో నెలలో వచ్చే కోరిక ఒంట్లో కొరత వల్ల వచ్చింది కాదు. అది జ్ఞాపకం నుంచి వచ్చింది.

పొగ పీల్చిన పది ఇరవై సెకన్లలోనే నికోటిన్ మెదడుకు చేరుతుంది. అందుకే ఆ సమయంలో చెవిన పడిన చప్పుడు, ముక్కుకు తగిలిన వాసన, పక్కనున్న మనిషి, అన్నీ ఆ సుఖంతో కలిసి ముడిపడిపోతాయి. రోజూ చాయ్ తాగుతాం కాబట్టి, చాయ్‌తో పడిన ముడి సిగరెట్ లేకుండా వందసార్లు తాగేసరికి వదులవుతుంది. బరాత్ రోజూ రాదు కదా. మీరు మానినప్పటి నుంచి ఒక్క బరాత్‌లో కూడా ఎగరకపోతే, ఆ ముడి మానిన రోజున ఎట్లా ఉందో ఇప్పటికీ అట్లనే ఉంటుంది. పండుగల్లో, పెళ్లిళ్లలో కోరిక ఉన్నట్టుండి లేవడానికి అసలు కారణం ఇదే. అది మీ బలహీనత కాదు, అక్కడ ఇంకా అభ్యాసం జరగలేదు, అంతే.

దీన్ని మన ప్రతీత్య సముత్పాదం మాటల్లో చూడండి. స్పర్శ వల్ల వేదన, వేదన వల్ల తృష్ణ, తృష్ణ వల్ల ఉపాదానం. మర్ఫా చెవికి తగలడం, పొగ ముక్కుకు తగలడం స్పర్శ. గొంతులో, ఛాతీలో ఒక తియ్యటి లాగుడు వేదన. "ఒక్కటి కావాలి" అన్నది తృష్ణ. చెయ్యి చాచి పట్టుకోవడం ఉపాదానం. స్పర్శను ఆపడం మన చేతిలో లేదు, పెళ్లిలో మర్ఫా మోగుతుంది. వేదనను కూడా ఆపలేం. వేదనకూ తృష్ణకూ మధ్య మాత్రం ఒక చిన్న సందు ఉంది. అక్కడ ఎరుక ఉంటే గొలుసు తెగుతుంది. తెలియకపోతే నా చెయ్యి పోయినట్టే మీ చెయ్యీ పోతుంది.

ఆ లాగుడు ఎంతసేపు ఉంటుందో కూడా తెలుసుకోవాలి. సాధారణంగా మూడు నుంచి ఐదు నిమిషాలు, గట్టిగా ఉంటే పది. అల లాగా లేస్తుంది, పైకి పోతుంది, తాగినా తాగకపోయినా దిగిపోతుంది. అది లేచినప్పుడు మాత్రం "తాగితే తప్ప పోదు" అనిపిస్తుంది. ఆ మాట అబద్ధమని ముందే తెలిసి ఉండటం సగం పని.

ముందురోజు వేసుకునే లెక్క

ఆ ఐదు నిమిషాల్లో ఆలోచించి నిర్ణయం తీసుకుందాం అనుకుంటే కుదరదు. నిర్ణయం ఇంట్లోనే అయిపోవాలి. ఒక పెళ్లిని తీసుకుని లెక్క వేసి చూద్దాం. మీ బామ్మర్ది పెళ్లి అనుకోండి. మీరు మానేసి ఎనిమిది నెలలైంది. ఒక కాగితం తీసుకుని ఆ రోజును గంటల వారీగా రాయండి.

పొద్దున పది నుంచి పన్నెండు వరకు పెళ్లి, వందన. ఇక్కడ పెద్దలు, పిల్లలు ఉంటారు, అపాయం లేదు. మధ్యాహ్నం భోజనాలు. తిన్నాక పది నిమిషాలు అపాయం, ఎందుకంటే మీ పాత సిగరెట్ అన్నం తిన్న తర్వాతిదే. సాయంత్రం ఖాళీ సమయం. ఫంక్షన్ హాల్ వెనకాల జనరేటర్ పక్కన మగవాళ్లంతా గుమిగూడే జాగా ఒకటి ఉంటుంది, అది పెద్ద అపాయం. రాత్రి తొమ్మిదికి మందు దావత్, పదకొండుకు బరాత్. ఈ రెండూ అన్నిటికంటే పెద్ద అపాయం.

ఇట్లా రాస్తే పద్నాలుగు గంటల పెళ్లిలో మీరు నిజంగా కాపలా కాయాల్సింది రెండు మూడు గంటలేనని తెలుస్తుంది. రోజంతా బిగుసుకుని కూర్చుంటే రాత్రికి మనసు అలసిపోతుంది. ఆ గంటలు తెలిస్తే మిగిలిన పెళ్లిని హాయిగా చూసుకోవచ్చు.

ఇప్పుడు అపాయం ఉన్న ప్రతి గంటకూ ఎదురుగా ఒక పని రాయండి. "తాగొద్దు" అని రాయకండి, అది పని కాదు. చేసే పని రాయండి. "అన్నం తిన్న వెంటనే పళ్లు తోముకొని వచ్చి, ముసలమ్మ దగ్గర కూర్చుంటా." "జనరేటర్ వైపు పోను. ఎవరైనా అక్కడికి పిలిస్తే వాళ్లనే ఇటు రమ్మంటా." "బరాత్‌లో ఎగిరి అలసిపోతే పక్కకు పోను, ముందుకు పోయి పెళ్లికొడుకు కారు దగ్గర నిలబడి నీళ్లు తాగుతా." నేను చేసిన తప్పు ఇక్కడే. ఆయాసం తీర్చుకునే జాగాను నేను ఎంచుకోలేదు, పొగ తాగేవాళ్లు నిలబడ్డ జాగానే నాకు దొరికింది.

చెప్పాల్సిన ఒక్క మాట

మన పెళ్లిళ్లలో సిగరెట్ ఇవ్వడమంటే మర్యాద. ఇచ్చేవాడు మీకు చెడు చేయాలని ఇవ్వడు, ప్రేమతోనే ఇస్తాడు. "ఏంది బావా, ఒక్కటి తాగితే చచ్చిపోతవా?" అంటాడు. "ఇయ్యాల నా తమ్ముని పెండ్లి, నా మీద ఒట్టు" అంటాడు. "పెద్ద బౌద్ధుడివి అయినవ్‌లే" అని ఎగతాళి చేస్తాడు. ఈ మూడిటికీ మూడు జవాబులు వెతుక్కోకండి. అన్నిటికీ ఒకటే జవాబు, అదీ చిన్నది: "నేను తాగుత లేను బావా. దా, ఎగురుదాం."

ఈ మాటలో రెండు ముక్కలున్నాయి, రెండూ కావాలి. మొదటిది "తాగుత లేను". "మానేద్దామని చూస్తున్నా", "డాక్టర్ వద్దన్నడు", "ఇయ్యాల వద్దులే" అన్నారంటే వాదనకు తలుపు తెరిచినట్టే. ఇయ్యాల వద్దంటే రేపు ఇస్తాడు. డాక్టర్ వద్దన్నడంటే "డాక్టర్లు అట్లనే అంటరు" అంటాడు. రెండో ముక్క "దా, ఎగురుదాం". సిగరెట్టును కాదన్నారు గానీ మనిషిని కాదనలేదని ఆయనకు తెలియాలి. ఆయన భుజం మీద చెయ్యి వేసి తీసుకుపోండి. చాలాసార్లు బావకు కావాల్సింది మీరు సిగరెట్ తాగడం కాదు, మీరు తనతో ఉండటం.

అక్కడ నిలబడి పొగాకు గురించి ఉపన్యాసం ఇవ్వకండి. ఉపన్యాసం మొదలుపెడితే మీరు ఆ పొగలో ఇంకో పది నిమిషాలు నిలబడతారు. ఆ మాటను ముందురోజు ఇంట్లో నాలుగైదుసార్లు పైకి అనండి. మీ ఆమెనో, కొడుకునో బావ వేషం వేయమని అడిగి అనండి. నవ్వొస్తుంది, అయినా సరే. నాలుక మీద ముందే ఉన్న మాట ఆ నిమిషంలో దానంతట అదే బయటికి వస్తుంది.

ఒక కల్యాణమిత్రుడు

మంచి స్నేహం ధమ్మ జీవితంలో సగం అని ఆనందుడు అంటే, సగం కాదు, మొత్తం అదేనని బుద్ధుడు సరిదిద్దిన సంగతి మీరు ఉపాసక పాఠాల్లో విన్నారు. దాన్ని పెళ్లిలో ఎట్లా వాడుకోవాలంటే, దావత్‌కు వచ్చేవాళ్లలో పొగ తాగని ఒక మనిషిని ముందే ఎంచుకోండి. తమ్ముడు కావచ్చు, మేనల్లుడు కావచ్చు, వదిన కావచ్చు. "రాత్రి తొమ్మిది నుంచి బరాత్ అయ్యేదాకా నన్ను ఒక కంట కనిపెట్టు. నేను జనరేటర్ దిక్కు పోతుంటే పేరు పెట్టి పిలువు, ఏదో పని చెప్పు" అని సూటిగా అడగండి. "నన్ను చూసుకో" అంటే ఎవరికీ అర్థం కాదు. ఏ గంట, ఏ జాగా, ఏం చేయాలి, ఈ మూడూ చెప్పాలి.

అట్లాంటి మనిషి దొరకకపోతే ప్రభుత్వం నడిపే పొగాకు మాన్పించే ఫోన్ సేవ ఉంది, నంబరు 1800-11-2356, డబ్బులు పడవు. పెళ్లి రాత్రి అందుతుందని దాని మీద ఆధారపడకండి. పెళ్లికి రెండు మూడు రోజుల ముందే పగటిపూట చేసి మీ లెక్కను వాళ్లకు వినిపించండి.

నోటికి, చేతికి ఏం ఇవ్వాలి?

జేబులో లవంగాలు, యాలక్కాయలు, సోంపు పెట్టుకోండి. చేతిలో ఎప్పుడూ నీళ్ల సీసానో మజ్జిగ గ్లాసో ఉండనివ్వండి. నిండుగా ఉన్న చేతిలో ఎవరూ సిగరెట్ పెట్టలేరు.

ఇక్కడ ఒక మోసం ఉంది. సిగరెట్ వద్దన్నామని చాలామంది పాన్ వేసుకుంటారు, వక్కపొడి నములుతారు. జర్దా, గుట్కా అంటే మళ్లీ పొగాకే, మళ్లీ నికోటినే, మానిన ముడిని మన చేతులతో మళ్లీ వేసుకోవడమే. ఉత్త వక్క కూడా నోటి క్యాన్సర్ తెచ్చేదే. తాంబూలం మర్యాద కోసం తీసుకోండి, నోట్లో వేసుకోకండి.

మానేసి ఇంకా రెండు మూడు నెలలు కానివాళ్లు మెడికల్ షాపులో దొరికే రెండు మిల్లీగ్రాముల నికోటిన్ చూయింగ్ గమ్ దగ్గర ఉంచుకోవచ్చు. గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా వాడకూడదు. దీన్ని మామూలు గమ్ లాగా గబగబా నమిలితే వెక్కిళ్లు, కడుపులో మంట వస్తాయి, పని మాత్రం చేయదు. మెల్లగా నాలుగుసార్లు నమిలి, నోట్లో కారంగా అనిపించగానే బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టి ఆపాలి. కారం తగ్గాక మళ్లీ నమలాలి. ఇట్లా అరగంట. చాయ్, కూల్ డ్రింక్ తాగిన పావుగంట లోపు వేసుకుంటే నికోటిన్ సరిగ్గా అందదు. కాబట్టి లాగుడు వచ్చాక వెతుక్కోవడం కాదు, బరాత్ మొదలయ్యే ముందే వేసుకోవాలి.

మందు సంగతి

నాకు తెలిసి జారిపోయినవాళ్లలో ఎక్కువమంది మందు దావత్‌లోనే జారారు. రెండు గ్లాసులు పడ్డాక వేదనకూ తృష్ణకూ మధ్య ఉన్న ఆ చిన్న సందు మూసుకుపోతుంది. పైగా చాలామందికి గ్లాసు, సిగరెట్ జంట అలవాట్లు. మందు తాగనని బాబాసాహెబ్ 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో ఉంది, పంచశీలలో అయిదో శీలమూ అదే. ఆ శీలాన్ని నిలుపుకున్నవాడికి సిగరెట్ దగ్గర సగం పని ముందే అయిపోతుంది.

పొగాకు పేరు మాత్రం శీలంలో లేదు. బుద్ధుని కాలంలో ఈ దేశంలో పొగాకే లేదు, పోర్చుగీసు వాళ్లతో వచ్చింది. కాబట్టి పొగ తాగే బావను "శీలం తప్పినవాడు" అనకండి, మీరు జారినా ఆ మాట మీకు మీరు అనుకోకండి. ఎందుకు చెప్తున్నానంటే, సిగ్గు మనిషిని చాటుకు నెడుతుంది, చాటున దొరికేది సిగరెట్టే.

దావత్‌లు మారవు అనుకోకండి. మన హైదరాబాద్‌లోనే భాగ్యరెడ్డి వర్మ 1913లో బుద్ధ జయంతి జరిపించిన మనిషి. ఆయన, ఆయనతోటి వాళ్లు బస్తీలు తిరిగి పెళ్లిళ్లలో, పండుగల్లో మందు మాన్పించడానికి పనిచేశారు. మనం పెళ్లి తంతు మార్చుకున్నాం, బరాత్, దావత్ మాత్రం అట్లనే ఉంచుకున్నాం. మీ ఇంటి పెళ్లి అయితే పళ్లెంలో సిగరెట్ పెట్టెలు పెట్టకపోవడం మీ చేతిలోనే ఉంది. ఫంక్షన్ హాల్ లోపల పొగ తాగడం ఎట్లాగూ చట్టం ఒప్పుకోదు, బహిరంగ స్థలాల్లో పొగ మీద 2008 అక్టోబర్ 2 నుంచి నిషేధం ఉంది.

బోనాలు, ఏప్రిల్ 14

లష్కర్ బోనాల ఆదివారం మనం బోనం ఎత్తం. అయినా బంధువులు దావత్‌కు పిలుస్తారు. పోకపోతే చుట్టరికం చెడుతుంది. పోతే మధ్యాహ్నం పన్నెండుకు పోయి, తిని, రెండు గంటలకల్లా లేవండి. "మూడింటికి పని ఉంది" అని పోగానే చెప్పండి, లేచేటప్పుడు కాదు. నిజంగానే మూడింటికి ఒక పని పెట్టుకోండి, అబద్ధం అక్కర్లేదు. సాయంత్రం ఫలారం బండి ఊరేగింపు దాకా ఉంటే అది మళ్లీ బరాతే.

మన పండుగలు కూడా తక్కువేం కాదు. ఏప్రిల్ 14న ట్యాంక్‌బండ్‌కు పోయే ర్యాలీలోనూ డీజే ఉంటుంది, పాత దోస్తులుంటారు, ఎండలో అలసట ఉంటుంది. ముడి మర్ఫాకు పడింది గానీ ఎవరి పండుగ అన్నదానికి కాదు. దానికీ ఇదే లెక్క వేసుకోండి.

జారితే ఏం చేయాలి?

రెండు దమ్ములు లాగిన తర్వాత నా మనసులో వచ్చిన మాట: "ఎట్లాగూ తాగిన కదా, ఏడు నెలలు గంగలో కలిసింది, ఇగ పూర్తిగా తాగుదాం." మనిషిని పాత అలవాటుకు తీసుకుపోయేది ఆ రెండు దమ్ములు కాదు, ఈ మాట. ఒక సిగరెట్ జారడం. ఆ రాత్రి పెట్టె కొనడం పడిపోవడం. రెండిటి మధ్య చాలా దూరం ఉంది.

కాబట్టి ఆ నిమిషంలోనే మిగిలిన ముక్కను పారేయండి. అక్కడి నుంచి కదలండి. మీ కల్యాణమిత్రునికి ఆ రాత్రే చెప్పండి. పెట్టె కొనకండి, దాచిపెట్టుకోకండి. మరునాడు పొద్దున మీ కాగితం తీసి, ఏ గంటకు, ఎక్కడ నిలబడి, ఎవరి పక్కన జారారో రాయండి. నా కాగితంలో రాసుకున్నది ఒకటే వాక్యం: "అలసిపోయి పక్కకు వచ్చినప్పుడు." తర్వాతి పెళ్లికి నేను మార్చుకున్నది ఆ ఒక్కటే. బరాత్‌లో ముందు వరసకు పోయి నిలబడ్డా. బావ వచ్చిండు, సిగరెట్ చాపిండు. ఛాతీలో ఆ లాగుడు లేచింది. "లేచింది, ఇది వేదన" అని మనసులో అనుకున్నా. "తాగుత లేను బావా, దా" అన్నా. మర్ఫా ఇంకో రెండు దెబ్బలు మారేలోపే అది దిగిపోయింది.

మనం ప్రతి వందనలో త్రిశరణ పంచశీల మళ్లీ ఎందుకు తీసుకుంటాం? ఒకసారి తీసుకుంటే చాలదా? మనుషులం జారుతామని తెలిసే ఆ పద్ధతి పెట్టారు. మళ్లీ తీసుకున్నవాడు మొదటి నుంచి మొదలుపెట్టినట్టు కాదు, ఆగినచోటి నుంచి నడిచినట్టు.

వచ్చే ఆదివారం వందన తర్వాత చర్చకు

మీ ఇంట్లో వచ్చే పెళ్లి లేదా పండుగ ఏది? అందులో మీకు అపాయం ఉన్న రెండు గంటలు ఏవి?

ఆ గంటల్లో మీరు ఎక్కడ నిలబడతారు, ఎవరి పక్కన?

మీరు పొగ తాగనివారైతే, మానేసిన మీ అన్నకో బావకో ఆ రాత్రి కల్యాణమిత్రులుగా ఉంటారా? ఉంటే ఇయ్యాలే ఆయనతో ఆ మాట చెప్పండి. పెళ్లి రాత్రి దాకా ఆగకండి.

జై భీమ్. నమో బుద్ధాయ.